గొడవ దిగే 9 మెట్లు

ఆస్ట్రియాకు చెందిన ఫ్రెడరిక్ గ్లాసల్ 1980లో తగాదా ముదిరే తీరును కిందికి దిగే 9 మెట్లుగా వివరించారు. పొలం గట్టు తగాదానే తీసుకుందాం. మొదట ఇద్దరూ పట్టుబడతారు, తర్వాత వాదించుకుంటారు. మూడో మెట్టులో మాటలు మాని ఒకరు గట్టు చెక్కితే, మరొకరు కాలువ కట్టేస్తారు. ఇంతవరకూ సర్వేయరు కొలతతో, ఇద్దరూ నమ్మే పెద్దమనిషి మాటతో తేల్చవచ్చు.

నాలుగో మెట్టు నుంచి అసలు విషయమే మారిపోతుంది. ‘గట్టు ఎక్కడ?’ అన్నది పోయి ‘వాడి బుద్ధే అంత’ అన్నది వస్తుంది, చెరో వర్గం తయారవుతుంది. ఇక కొలత ఒక్కటే చాలదు. అక్కణ్నుంచి పరువు తీయడం, బెదిరింపులు, దెబ్బలు. చివరికి తాను మునిగినా సరే, ఎదుటివాడు మునగాలనుకుంటారు. మాట గట్టు మీంచి మనిషి మీదికి మళ్లకముందే పెద్దలు కలగజేసుకోవాలి.