600 కుర్చీలకు యాప్ కావాలా?

తణుకులాంటి ఊళ్ళో ఒక టెంట్ హౌస్ ఉందనుకుందాం. 600 కుర్చీలు, షామియానాలు, గుండిగలు, నలుగురు పనివాళ్ళు. ముహూర్తాల రోజుల్లో యజమానికి ఒకటే తలనొప్పి: ఉన్న కుర్చీలకన్నా ఎక్కువ ఒప్పేసుకోవడం. "మన షాపు పేరుతో ఒక యాప్ చేసిపెట్టు బాబూ" అని తెలిసిన సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి అడిగారాయన. కుర్రాడు ప్రతిపాదనను ఈమెయిల్లో పంపుతానన్నాడు.

ఇలాంటి ఈమెయిళ్ళు చాలావరకు లాగిన్, డ్యాష్‌బోర్డ్, నోటిఫికేషన్ అంటూ మొదలవుతాయి. యజమాని అవన్నీ దాటేసి చివర్లో ఉన్న ధర చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. మన కుర్రాడు అలా చెయ్యలేదు. ముందు ఒక పూట షాపులో కూర్చుని బుకింగుల నోటుపుస్తకం తిరగేశాడు. అసలు లోపం అక్కడే దొరికింది.

పుస్తకంలో ప్రతి బుకింగూ సామాను బయటికి వెళ్ళే తేదీ కిందే ఉంది. 14వ తేదీ సాయంత్రం 350 కుర్చీలు వెళ్ళి, 16 పొద్దున తిరిగొస్తాయి. 15వ తేదీ పేజీ మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది. ఆ రోజుకి 300 కావాలని మరొకరు వస్తే యజమాని సరేనంటారు. నిజానికి షాపులో మిగిలేవి 250. ఆ 50 కుర్చీల కోసం పెళ్ళిరోజు పొద్దున్నే పక్క ఊరికి ఆటో పంపాలి. అంటే తప్పు యజమాని జ్ఞాపకశక్తిది కాదు, తిరిగొచ్చే తేదీకి పుస్తకంలో చోటు లేకపోవడానిది.

అందుకే ఈమెయిల్ ఇలా మొదలైంది: "నమస్కారమండీ. మీ పుస్తకం చూశాను. ఇప్పుడు మీకు యాప్ అక్కర్లేదని నా అభిప్రాయం. గూగుల్ షీట్‌తో పని జరుగుతుంది. ఎందుకో కింద రాశాను." సిఫార్సు మొదటే వచ్చేసింది. ఎంత పనిలో ఉన్న మనిషైనా ఆ నాలుగు ముక్కలూ చదువుతారు.

షీట్‌లో నాలుగే గడులు: వెళ్ళే తేదీ, వచ్చే తేదీ, వస్తువు, సంఖ్య. F1లో కావలసిన తేదీ వేస్తే ఆ రోజు ఎన్ని కుర్చీలు మిగులుతాయో ఈ ఒక్క సూత్రం చెబుతుంది:

```
=600-SUMIFS(D:D,A:A,"<="&F1,B:B,">="&F1,C:C,"కుర్చీ")
```

15వ తేదీ వేస్తే 250 అని వస్తుంది. సామాను రెండు మూడు రోజులు కావాలంటే ఒక్కో రోజుకీ విడిగా చూసుకోవాలి.

ఈమెయిల్లో అన్నిటికన్నా విలువైన భాగం ఆ తర్వాతది. షీట్ ఏం చెయ్యలేదో కుర్రాడు దాచకుండా రాశాడు. కుర్చీలు చాలకపోయినా బుకింగ్ రాస్తుంటే అది అడ్డుపడదు. ముందు సంఖ్య చూసుకోవాల్సింది మనిషే. ఒకరు "కుర్చీ" అని, ఇంకొకరు "కుర్చీలు" అని రాస్తే లెక్క తప్పుతుంది కాబట్టి వస్తువు పేరు జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టాలి. తేదీ సరిగా పడకపోతే షీట్ దాన్ని మామూలు అక్షరాలుగా తీసుకుని ఆ బుకింగ్‌ని లెక్కలోంచి వదిలేస్తుంది. గుర్తుపట్టడం తేలికే: మామూలుగా సరైన తేదీ గడిలో కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి జరుగుతాయి.

డబ్బు సంగతి మూడేళ్ళకి లెక్కకట్టాడు. యాప్‌కి 1,80,000 రూపాయలు, మొదటి ఏడాది తర్వాత నిర్వహణకి ఏటా 30,000. మొత్తం 2,40,000. షీట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. అమర్చి, ఇద్దరికి నేర్పినందుకు తనకి 8,000. ఏటా నిర్వహణ ఎందుకన్న ప్రశ్నకీ జవాబు ఉంది. కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు యాప్‌ని మారుస్తూ ఉండాలని గూగుల్ ప్లే నియమం. మార్చకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్ళకి అది ప్లే స్టోర్‌లో కనిపించడం మానేస్తుంది.

చాలామంది రాయని మాట ఒకటి కూడా అందులో ఉంది. డబ్బిచ్చి బయటివాళ్ళతో రాయించినంత మాత్రాన ప్రోగ్రామ్ మీద హక్కు యజమానిది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాని మనిషి రాసిన ప్రోగ్రామ్ మీద మొదటి హక్కు రాసినవాళ్ళదే. దాన్ని రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఆ కాగితంలో ఎన్నాళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకేనని చట్టం లెక్కిస్తుంది. "రేపు యాప్ చేయించుకున్నా, నాతోనైనా సరే, ఆ కాగితం తీసుకోండి" అని రాశాడు కుర్రాడు.

యాప్ ఎప్పుడు అవసరమవుతుందో కూడా చెప్పాడు. రెండో గోడౌన్ తెరిచినప్పుడు, లేదా విరిగినవాటి లెక్క, అడ్వాన్సు, బాకీ ఒకే బిల్లులో కావాలన్నప్పుడు మళ్ళీ మాట్లాడుకుందామన్నాడు. ఈలోగా షీట్‌లో చేరిన బుకింగులన్నీ ఎక్సెల్ ఫైలుగా దించుకుని కొత్త యాప్‌లోకి ఎక్కించవచ్చు.

ఈమెయిల్ చివర్లో అడిగింది ఒక్కటే: "వచ్చే ముహూర్తాలకి పది రోజుల ముందు ఒక సాయంత్రం ఇవ్వండి. పుస్తకంలో ఉన్న బుకింగులన్నీ మీ ముందే ఎక్కిస్తాను."