కోపం లేని చోట కోపం ఎందుకు కనిపిస్తుంది?

కంప్యూటర్ తెరపై ఒక ముఖం మసకగా కనిపిస్తుంది. క్రమంగా, కొంచెం కొంచెంగా స్పష్టమవుతుంది. అందులో ఉన్నది కోపమా, భయమా, సంతోషమా, విచారమా అన్నది పిల్లలు చెప్పాలి. అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సేథ్ పోలాక్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగమిది. ఇంట్లో తీవ్రంగా దెబ్బలు తిన్న పిల్లలు, బొమ్మ ఇంకా మసకగా ఉండగానే, మిగతా పిల్లలకంటే ముందే కోపాన్ని సరిగ్గా గుర్తుపట్టారు.

అదే ఏడాది వెలువడిన మరో ప్రయోగంలో రెండు భావాలు కలగలిసిన ముఖాలు చూపించారు. భయమో విచారమో ఎక్కువగా ఉండి, కోపం తక్కువగా కలిసిన ముఖాలను కూడా ఆ పిల్లలు కోపంగానే లెక్కగట్టారు. మొదటి ఫలితం ఒక నేర్పు. రెండోది ఆ నేర్పుకు చెల్లించే మూల్యం.

దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియని ఇంట్లో నాన్న కనుబొమ్మ కదలికే ముందస్తు హెచ్చరిక. లేని కోపాన్ని ఉందనుకుంటే పోయేది కాస్త ప్రశాంతత. ఉన్న కోపాన్ని గమనించకపోతే దెబ్బ తప్పదు. కాబట్టి మెదడు మొదటి పొరపాటునే ఎంచుకుంటుంది. నిర్లక్ష్యానికి గురైన పిల్లల పరిస్థితి వేరు. వారితో ముఖాముఖి మాట్లాడి, స్పందించేవారు తక్కువ. అలాంటి పిల్లలు భావాలను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసి గుర్తించడంలో ఇబ్బంది పడ్డారని పోలాక్ బృందమే 2000లో తెలిపింది.

ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007 నివేదిక కోసం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస ఎదుర్కొన్నామని చెప్పారు.

పెద్దయ్యాక ఇల్లు మారుతుంది కానీ, మెదడు నేర్చుకున్న పద్ధతి వెంటనే మారదు. ఒక జంటను ఊహించుకుందాం. భర్త రాత్రి తొమ్మిదింటికి అలసిపోయి వచ్చి, బ్యాగును దభాలున పడేసి, మాట్లాడకుండా కూర్చుంటాడు. దెబ్బల మధ్య పెరిగిన భార్యకు గుండె వేగం పెరుగుతుంది, భుజాలు బిగుసుకుంటాయి. "ఏమైంది? నేనేం చేశాను?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. తన బాగోగులు ఎవరూ పట్టించుకోని ఇంట్లో పెరిగిన అతనికి కష్టాన్ని లోపలే దాచుకోవడం అలవాటు. ఆ ప్రశ్నలు నిందల్లా తోచి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. మూసుకున్న ఆ తలుపే ఆమెకు కోపానికి రుజువవుతుంది. ఇద్దరూ తమను ఒకప్పుడు కాపాడిన పద్ధతినే వాడుతున్నారు.

పాత అనుభవం పనిచేస్తోందని ఎలా పోల్చుకోవాలి? ఆలోచనకంటే ముందే శరీరం స్పందిస్తుంది. జరిగిన దానికి మించి భయమో బాధో కలుగుతుంది. ఆఫీసులో పై అధికారి ముందు కూడా అదే తీరు ఎదురవుతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. జీవిత భాగస్వామి నిజంగానే కొడుతున్నా, బెదిరిస్తున్నా అది పాత గాయం కాదు, ఇప్పటి ప్రమాదం. అప్పుడు మహిళలు 181కు ఫోన్ చేయవచ్చు.

అలాంటి ప్రమాదం లేనప్పుడు, ముందు శరీరం కుదుటపడేదాకా ఆగాలి. తర్వాత కలిగిన భావానికి పేరు పెట్టాలి. లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చూసిన ముఖంలోని భావాన్ని మాటల్లో గుర్తించినప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం స్పందన తగ్గింది. ఆ తర్వాత, అనుకున్నదాన్ని తీర్పుగా కాక ప్రశ్నగా అడగాలి. "మీ ముఖం చూసి భయమేసింది. కోపం నా మీదేనా?" అని ఆమె అడగవచ్చు. "నీ మీద కాదు, ఆఫీసులో గొడవ. కాసేపాగి చెప్తాను" అని అతను అనవచ్చు. మౌనమంటే కోపమేనన్న పాత పాఠం ఇలాంటి జవాబులు పదేపదే విన్నాక నెమ్మదిగా సడలుతుంది.

గతాన్ని తవ్వి ప్రతి సంఘటననూ వెలికితీయాల్సిన పని లేదు. చిన్ననాటి జ్ఞాపకాలు అప్పటి నమోదులతో చాలాసార్లు సరిపోలడం లేదని 2019లో ప్రచురితమైన ఒక సమీక్ష తేల్చింది. మరచిపోవడం, చెప్పడానికి ఇష్టపడకపోవడం కూడా ఇందుకు కారణాలు కావచ్చు. ఇక ప్రయోగాల ఫలితాలు సగటులే, ఎవరి తలరాతా కాదు.

బర్క్‌లీలో మేరీ మెయిన్, ఆమె సహచరులు 1980ల్లో పెద్దల బాల్యానుబంధాలను తెలుసుకునే ఇంటర్వ్యూను రూపొందించారు. అందులో వారు చూసేది బాల్యం ఎంత కష్టమైనదన్నది కాదు, దాన్ని పొంతన కుదిరేలా చెప్పగలుగుతున్నారా అన్నది. "కొట్టేవారు. భయపడేదాన్ని. అది నా తప్పు కాదు" అని దాచకుండా, పెంచకుండా చెప్పగలగడం అలాంటిదే. అందుకు క్షమించి తీరాలన్న షరతు లేదు. అది చెప్పబోతేనే నిద్ర కరువైనా, పీడకలలు వేధించినా ఒంటరిగా మోయాల్సిన అవసరం లేదు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.