జర్మన్ భాషలో పోలిక వాక్యాలు: తెలుగు వాక్యనిర్మాణంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జర్మన్‌లో 'యే–డెస్టో', 'ఇమ్మర్ + తరభావ రూపం', 'గెనావ్‌జో–వీ' అనే మూడు పోలిక నిర్మాణాలు తరచుగా వాడుకలో కనిపిస్తాయి. తెలుగు మాతృభాషగా గలవారు వీటిలో చేసే దోషాలు చాలావరకు తెలుగు విశేషణ స్వభావం నుండి పుట్టినవే. ఆ దోషాల కారణాలను ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. జర్మన్ వాక్యాలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. అసాధు ప్రయోగాలకు ముందు నక్షత్ర గుర్తు ఉంటుంది.

కీలకపదాలు: జర్మన్ వ్యాకరణం, పోలిక, తరభావం, ఉపవాక్యం, క్రియాస్థానం.

1. ఉపోద్ఘాతం:
"ఎంత చెట్టుకు అంత గాలి" అనే సామెతలో రెండు పరిమాణాల మధ్య సంబంధం ఉంది. చెట్టు పెద్దదైతే గాలి కూడా పెద్దది. కాని ఈ సామెతలో 'పెద్ద' అన్న మాటే లేదు. 'ఎంత–అంత' అనే జంట ఆ పనిని పూర్తిగా నిర్వహించింది. ఇదే భావాన్ని జర్మన్‌లో చెప్పాలంటే "యే గ్ర్యోసర్ డెర్ బావ్మ్, డెస్టో ష్టెర్కర్ డెర్ వింట్" అనాలి. ఇక్కడ 'గ్రోస్' (పెద్ద), 'ష్టార్క్' (బలమైన) అనే విశేషణాలు రెండూ తప్పనిసరిగా రూపం మార్చుకొని 'గ్ర్యోసర్', 'ష్టెర్కర్' అయ్యాయి.

తెలుగు విశేషణానికి తరభావంలో రూపభేదం లేదు. "తేనె తీపి", "తేనె బెల్లం కంటే తీపి" అన్న రెండు వాక్యాల్లోనూ 'తీపి' మారలేదు. పోలిక భారమంతా 'కంటే' మోసింది. 'గురుతర', 'లఘుతర' వంటివి సంస్కృతం నుండి వచ్చిన తత్సమాలే. జర్మన్‌లో ఆ భారం విశేషణం చివరనున్న 'అర్' ప్రత్యయంపై పడుతుంది. ఈ ఒక్క భేదం మూడు నిర్మాణాల్లోనూ మూడు విధాలుగా ఎదురవుతుంది.

2. 'యే–డెస్టో': రెండు పరిమాణాల అనుబంధం:
"పుస్తకాలు ఎంత ఎక్కువ చదివితే భాష అంత సులభమవుతుంది" అనే వాక్యాన్ని తీసుకోవచ్చు. దీనికి సరైన జర్మన్ రూపం:

యే మేర్ బ్యూషర్ మన్ లీస్ట్, డెస్టో లైష్టర్ విర్ట్ డీ ష్ప్రాఖ.

మొదటి భాగం ఉపవాక్యం. 'యే' తరువాత వెంటనే తరభావ రూపం రావాలి. కనుక 'ఫీల్' (ఎక్కువ) అన్నది 'మేర్' అయింది. అది 'బ్యూషర్' (పుస్తకాలు) అనే నామానికి చెందినది కాబట్టి ఆ నామం దాని పక్కనే నిలిచింది. సమాపక క్రియ 'లీస్ట్' (చదువుతారు) ఉపవాక్యం చివరికి చేరింది. క్రియ చివర ఉండటం తెలుగువారికి సహజమే కనుక ఈ భాగంలో క్రియాస్థాన దోషాలకు ఆస్కారం తక్కువ. ఇక్కడ ఎక్కువగా వచ్చే దోషం *'యే ఫీల్ బ్యూషర్' అనడం. తెలుగు 'ఎంత' మామూలు విశేషణంతో సరిపెట్టుకుంటుంది కాబట్టి 'యే' కూడా అలాగే సరిపెట్టుకుంటుందన్న భ్రమే దీనికి మూలం.

అసలు చిక్కు రెండో భాగంలో ఉంది. ఇది ప్రధాన వాక్యం. జర్మన్ ప్రధాన వాక్యంలో సమాపక క్రియ రెండో స్థానంలో నిలుస్తుంది. 'డెస్టో లైష్టర్' అనే పదబంధం మొత్తం మొదటి స్థానాన్ని ఆక్రమించింది. అందువల్ల వెంటనే 'విర్ట్' (అవుతుంది), దాని తరువాత కర్త 'డీ ష్ప్రాఖ' (భాష) వచ్చాయి.

ఇక్కడ రెండు రకాల దోషాలు సంభవిస్తాయి. మొదటిది తెలుగు ప్రభావం వల్ల క్రియను చివరికి నెట్టడం: *'డెస్టో లైష్టర్ డీ ష్ప్రాఖ విర్ట్'. రెండోది జర్మన్‌లోనే అంతకుముందు నేర్చిన నియమం వల్ల వచ్చేది. 'వెన్' (అయితే) ఉపవాక్యం ముందుంటే, అదే మొదటి స్థానంగా లెక్కకు వచ్చి, కామా దాటగానే క్రియ వస్తుంది. దానిని అనుకరించి విద్యార్థి *'యే మేర్ బ్యూషర్ మన్ లీస్ట్, విర్ట్ డీ ష్ప్రాఖ డెస్టో లైష్టర్' అని రాస్తాడు. 'యే' ఉపవాక్యం ముందున్నా మొదటి స్థానంగా లెక్కకు రాదు. ఆ స్థానం 'డెస్టో' పదబంధానిదే. తెలుగులో చేదర్థక క్రియ 'చదివితే' ఈ రెండు వాక్యాలకూ ఒకే విధంగా సరిపోతుంది కనుక ఈ తేడా సులభంగా స్ఫురించదు.

'డెస్టో'కు బదులు 'ఉమ్‌జో' వాడినా అర్థం మారదు. ప్రధాన వాక్యం ముందు వచ్చినప్పుడు సాధారణంగా 'ఉమ్‌జో'యే వినిపిస్తుంది: "డీ ష్ప్రాఖ విర్ట్ ఉమ్‌జో లైష్టర్, యే మేర్ బ్యూషర్ మన్ లీస్ట్". ఇక్కడ కర్తే మొదటి స్థానంలో ఉంది. క్రియలు లేని సంక్షిప్త రూపాలు కూడా వాడుకలో ఉన్నాయి: "యే ఫ్ర్యూయర్, డెస్టో బెస్సర్" (ఎంత త్వరగా అయితే అంత మంచిది).

3. 'ఇమ్మర్ + తరభావం': ఒకే పరిమాణపు వృద్ధి:
'యే–డెస్టో'లో రెండు పరిమాణాలుంటే ఇక్కడ ఒకటే ఉంటుంది. అది కాలక్రమంలో పెరుగుతుంది లేదా తరుగుతుంది. "ఎస్ విర్ట్ ఇమ్మర్ కెల్టర్" అంటే 'చలి అంతకంతకూ పెరుగుతోంది' అని అర్థం. 'ఇమ్మర్' అనే పదానికి విడిగా 'ఎల్లప్పుడూ' అని అర్థం ఉన్నందున, దీనిని 'ఎప్పుడూ చల్లగానే ఉంటుంది' అని అనువదించే ప్రమాదం ఉంది. తెలుగులో 'అంతకంతకూ', 'నానాటికీ', 'రానురాను' అనే పదాలు దీనికి సరైన సమానార్థకాలు.

అర్థాన్ని నిర్ణయించే ఆధారాలు వాక్యంలోనే ఉంటాయి. ఈ మూడు వాక్యాలను పోల్చవచ్చు:

(అ) డెర్ త్సూక్ ఇస్ట్ ఇమ్మర్ ష్నెల్. (రైలు ఎప్పుడూ వేగంగానే ఉంటుంది.)
(ఆ) డెర్ త్సూక్ విర్ట్ ఇమ్మర్ ష్నెల్లర్. (రైలు వేగం అంతకంతకూ పెరుగుతోంది.)
(ఇ) డెర్ త్సూక్ ఇస్ట్ ఇమ్మర్ ష్నెల్లర్ అల్స్ డెర్ బుస్. (రైలు ఎప్పుడూ బస్సు కంటే వేగమే.)

మొదటి వాక్యంలో తరభావం లేదు. రెండో వాక్యంలో తరభావంతో పాటు మార్పును సూచించే క్రియ ఉంది. మూడో వాక్యంలో తరభావం ఉన్నా, 'అల్స్' (కంటే) ద్వారా పోల్చదగిన మరో వస్తువు వచ్చినందున 'ఇమ్మర్' సాధారణంగా తన మొదటి అర్థంలోనే నిలిచింది. కాబట్టి తరభావ రూపం ఒక్కటే చూసి అర్థం నిర్ణయించడం చాలదు. 'అల్స్' ఉన్నదో లేదో కూడా గమనించాలి.

4. 'గెనావ్‌జో–వీ': సమానత్వం:
"జీ ష్ప్రిష్ట్ గెనావ్‌జో గూట్ డాయ్‌చ్ వీ ఈర్ బ్రూడర్" (ఆమె తన సోదరుడు మాట్లాడినంత బాగా జర్మన్ మాట్లాడుతుంది). సమానత్వంలో హెచ్చుతగ్గులు లేవు కనుక 'గూట్' తన మూలరూపంలోనే ఉంటుంది. తరభావ రూపాలు అలవాటైన విద్యార్థి *'గెనావ్‌జో బెస్సర్' అని, 'వీ' స్థానంలో *'అల్స్' అని రాయడం ఇక్కడి దోషాలు. 'గెనావ్‌జో'తో 'వీ', తరభావంతో 'అల్స్' అనే జంటలు ప్రామాణిక రచనలో కలగలవవు. సమానత్వం లేదనడానికి 'నిష్ట్ జో గూట్ వీ' (అంత బాగా కాదు) అనాలి.

'వీ' తరువాతి విభక్తి అర్థాన్నే మార్చగలదు:

(అ) ఇష్ కెన్న ఈన్ గెనావ్‌జో గూట్ వీ డూ. (అతడు నీకు ఎంత బాగా తెలుసో నాకూ అంత బాగా తెలుసు.)
(ఆ) ఇష్ కెన్న ఈన్ గెనావ్‌జో గూట్ వీ డిష్. (నువ్వు నాకు ఎంత బాగా తెలుసో అతడూ అంత బాగా తెలుసు.)

'డూ' ప్రథమా విభక్తిలో ఉంది కనుక కర్త 'ఇష్' (నేను)తో పోలిక. 'డిష్' ద్వితీయా విభక్తిలో ఉంది కనుక కర్మ 'ఈన్' (అతనిని)తో పోలిక. 'వీ' తనంతట తాను ఏ విభక్తినీ కోరదు. పోల్చదగిన పదం విభక్తినే తీసుకుంటుంది. తెలుగు అనువాదంలో ఈ భేదం నిలవాలంటే పై విధంగా 'ఎంత–అంత'తో రెండు వాక్యాలనూ విడదీసి చెప్పవలసి వస్తుంది.

5. ముగింపు:
తెలుగు 'ఎంత–అంత' అనుబంధాన్నీ సమానత్వాన్నీ ఒకే జంటతో చెబుతుంది. జర్మన్ వాటిని 'యే–డెస్టో', 'గెనావ్‌జో–వీ' అని విడదీసి, మొదటి దానిలో తరభావాన్ని, రెండో దానిలో మూలరూపాన్ని విధిస్తుంది. అందువల్ల తెలుగు వాక్యంలో 'అంత' కనిపించినప్పుడు అనువాదకుడు ముందుగా తేల్చుకోవలసినది, అక్కడ ఒకటి పెరిగితే మరొకటి పెరుగుతున్నదా, లేక రెండూ సరిసమానంగా ఉన్నాయా అన్నది. అది తేలితే విశేషణ రూపం దానంతటదే తేలుతుంది. ఆ తరువాత సరిచూసుకోవలసినది 'డెస్టో' వాక్యంలో క్రియాస్థానం ఒక్కటే.