రాత్రి షిఫ్టు ఖాతాలో పడిన 57 పీసులు

జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లో ప్లాస్టిక్ సామాను పోసే ఇంజక్షన్ మోల్డింగ్ మెషిన్లు చాలాచోట్ల రాత్రీ పగలూ ఆగవు. ఉదయం 6కి ఏ షిఫ్టు, మధ్యాహ్నం 2కి బీ, రాత్రి 10కి సీ. మెషిన్ పక్కనే ఒక అట్టకు క్లిప్పుతో బిగించిన షీటు వేలాడుతూ ఉంటుంది. చెడిపోయిన పీసు కనబడగానే ఆపరేటరు దాని మీద ఒక గీత గీస్తాడు. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీదుగా అడ్డంగా. షిఫ్టు దిగేటప్పుడు ఆ గీతలు లెక్కబెట్టి సూపర్‌వైజరుకు రిజెక్షన్ చెప్పాలి. చూడ్డానికి చిన్న పనే గానీ, ఏ షిఫ్టు వాళ్లు మాట పడాలో చాలాసార్లు తేల్చేది ఆ లెక్కే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇళ్లలో గోడకు బిగించే స్విచ్‌బోర్డు ప్లేటు. పాలికార్బొనేట్‌తో పోస్తారు. అచ్చులో ఒక్కో షాటుకు రెండు ప్లేట్లు, షాటుకు 24 సెకన్లు. ఆపకుండా నడిస్తే ఎనిమిది గంటల్లో 1,200 షాట్లు, అంటే 2,400 ప్లేట్లు. ఆ రోజు ఏ షిఫ్టులో 2,400 తయారై 60 పోయాయి. సీ షిఫ్టులో అచ్చు మార్చడానికి తెల్లవారుజామున 3:20కి మెషిన్ ఆపారు కాబట్టి 800 షాట్లే పడ్డాయి. 1,600 ప్లేట్లలో 57 పోయాయి.

గీతలే చూస్తే రాత్రి వాళ్లే నయం. కానీ 60ని 2,400తో భాగిస్తే 2.5 శాతం, 57ను 1,600తో భాగిస్తే దాదాపు 3.6 శాతం. కింద ఉన్న అంకె మారిపోయినప్పుడు పైఅంకెలను పోల్చి లాభం లేదు. ఈ కిందిఅంకె ఎక్కడి నుంచి తెచ్చామన్నది ఇంకా ముఖ్యం. ప్యాకింగ్ వాళ్లు పెట్టెల్లో సర్దినవి 1,543 అనుకోండి, దాంతో భాగిస్తే లెక్క తప్పినట్టే, ఎందుకంటే చెడిపోయినవి ఆ పెట్టెల్లో లేవు. మెషిన్ మీది షాట్ కౌంటరు చూసి రెండుతో గుణించాలి. 800 రెళ్లు 1,600. ప్యాకింగ్ 1,543కు రిజెక్టు 57 కలిపితే అదే 1,600 రావాలి. రాకపోతే మధ్యలో పీసులు ఎక్కడికో పోయాయన్నమాట.

ఎక్కడికంటే, సాధారణంగా గ్రైండరులోకి. అచ్చు నుంచి ప్లేటుతో పాటు వచ్చే రన్నరు ముక్కలను గ్రైండరులో వేసి మళ్లీ వాడతారు. చెడిన ప్లేటునూ వాటితో పాటు విసిరేస్తే గీత గీయాల్సిన పని తప్పుతుంది, సాక్ష్యమూ మిగలదు. తక్కువ రిజెక్షన్ చూపిన షిఫ్టుకు మెప్పు, ఎక్కువ చూపిన షిఫ్టుకు చివాట్లు అన్న పద్ధతి ఉన్నచోట ఇది జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. నా మట్టుకు నాకు, వారం పొడుగునా ఒకే అంకె చూపే షీటు కన్నా ఎగుడుదిగుడుగా ఉన్న షీటు మీదే నమ్మకం ఎక్కువ.

సరే, 3.6 శాతం నిజమే అనుకుందాం. అది పట్టించుకోవాల్సినంత ఎక్కువా? ఏమీ మారకపోయినా రిజెక్షన్ ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. మామూలు ఊగిసలాట ఎంతవరకు, అసలు తేడా ఎక్కడ మొదలు అన్న ప్రశ్నకు 1924లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ ఒక గీత గీసి చూపించాడు. ఆ గీతను మన షీటు మీద కాగితం, పెన్నుతోనే గీయొచ్చు. ఈ మెషిన్ మీద గత నెల సగటు 2 శాతం అనుకుందాం. ఆ లెక్కన 1,600లో 32 పోవడం మామూలు. 1,600ను 0.02తోనూ, మిగిలిన 0.98తోనూ గుణిస్తే 31.36 వస్తుంది. దాని వర్గమూలం 5.6. దానికి మూడింతలు 16.8. 32కు అది కలిపితే 48.8. అంటే ఆ రాత్రి 48 వరకు పోయినా మామూలు ఊగిసలాట కిందే లెక్క. 57 దాటింది, కారణం వెతకాలి. ఇదే లెక్క ఏ షిఫ్టుకు చేస్తే హద్దు 68 దాకా వస్తుంది. వాళ్ల 60 దాని లోపలే ఉంది. కాబట్టి ఏ షిఫ్టును నిలదీయడం వృథా, వాళ్ల దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. సగటున అయిదు కూడా పోని చిన్న లాట్లకు మాత్రం ఈ లెక్కను నమ్మకూడదు.

హద్దు దాటిందని తెలిసింది గానీ, ఎందుకు దాటిందో ఒక్క మొత్తం చెప్పదు. దానికి షీటులో రెండు విభజనలు ఉండాలి: ఏ రకం లోపం, ఏ గంటలో. ఆ రాత్రి షీటులో నల్లమచ్చలు 12, అంచున పలుచటి రేకులా ఫ్లాష్ 9, అచ్చు పూర్తిగా నిండని షార్టులు 7. ఇవి రోజూ ఉండేవే, కలిపితే 28. మిగతా 29 ప్లేట్ల మీద వెండి చారలున్నాయి. 10 నుంచి 11 లోపు 11, తరువాతి గంటలో 12, ఆపై 1 గంట లోపు 6. ఒంటిగంట తరువాత ఒక్కటీ లేదు. ఒక ప్లేటుకు మచ్చా చారా రెండూ ఉంటే పెద్ద లోపం కిందే ఒక గీత వేయాలి. రెండు గీస్తే లోపాల సంఖ్య వస్తుంది, చెడిన ప్లేట్ల సంఖ్య రాదు.

పాలికార్బొనేట్‌లో వెండి చారలంటే ముందుగా అనుమానించాల్సింది తేమ. ఈ దాణాను సుమారు 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టి, తేమ 0.02 శాతం కన్నా తగ్గాకే మెషిన్‌లోకి వదలాలి. లేకపోతే కరిగే వేడికి ఆ తేమ ఆవిరై చారలుగా పరుచుకుంటుంది. రాత్రి 9 ప్రాంతంలో బీ షిఫ్టు వాళ్లు హాపరు దాదాపు ఖాళీ అయ్యాక చూసుకుని, సంచులు ఒకేసారి గుమ్మరించారు. అడుగున మిగిలిన ఆరిన దాణా 10 దాకా సరిపోయింది. ఆ తరువాత సగం ఆరింది దిగడం మొదలైంది. ఒంటిగంటకు మిగిలింది కూడా ఆరిపోయింది కాబట్టి చారలు వాటంతటవే ఆగాయి. సీ షిఫ్టు వాళ్లు మెషిన్‌ను ముట్టుకోకుండానే లోపం వచ్చింది, పోయింది. గీతలు మాత్రం వాళ్ల షీటు మీద పడ్డాయి.

ఇప్పుడు పొద్దున 6కి సూపర్‌వైజరుకు ఏం చెప్పాలి? “రాత్రి రిజెక్షన్ ఎక్కువొచ్చింది సార్” అంటే ఆయన చేయగలిగింది కోప్పడటమే. అదే ఆపరేటరు ఇలా చెప్పాడనుకోండి: “సార్, నాలుగో మెషిన్‌లో 1,600కి 57 పోయినయి, 3.6 శాతం. మామూలుగా 48 దాటదు. 29 వెండి చారలే, అన్నీ పది నుంచి ఒంటిగంట లోపలే. హాపరు తొమ్మిదింటికి నింపిన్రు. ఆ మూడు గంటల పెట్టెలు పక్కన పెట్టిన.”

చివరి మాట చాలామంది మరిచిపోతారు. తేమ పాలికార్బొనేట్ అణువుల గొలుసులను కూడా తెంచుతుంది. అందువల్ల చారలు లేకుండా మంచిదిగా కనిపించి ప్యాకింగ్‌లోకి వెళ్లిన ప్లేటు కూడా పెళుసుగా ఉండొచ్చు, స్క్రూ బిగిస్తుంటే పగలొచ్చు. 57లో అవి లేవు. ఆ మూడు గంటల్లో పడినవి 450 షాట్లు, 900 ప్లేట్లు. అందులో 29 చారలవీ, ఆ గంటల్లోనే పోయిన ఇతర రకాలవీ తీసేస్తే మిగిలినవన్నీ పెట్టెల్లోనే ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తీసి స్క్రూ బిగించి, కింద పడేసి చూసి, పగిలితే మొత్తం ఆపేయాలి.

సూపర్‌వైజరు షీటులో చేర్చాల్సింది ఒక్క గడి: హాపరు ఎన్నింటికి నింపారు, ఎన్ని సంచులు. అది సీ షిఫ్టు షీటులో కాదు, బీ షిఫ్టు షీటులో.