పరిచయానికి తొందరెందుకు?

మనసుకు నచ్చిన మనిషి తారసపడితే ఆ సంగతి ముందుగా ప్రాణస్నేహితులకే చెప్పాలనిపిస్తుంది. చెప్పడంలో తప్పు లేదు. అయితే చెప్పడం వేరు, తీసుకెళ్లి అందరికీ పరిచయం చేయడం వేరు. ఆ రెండో పని మరీ ముందుగా చేస్తే మీ ఇద్దరి మీదా అక్కర్లేని ఒత్తిడి పడుతుంది.

నెల్లూరు అమ్మాయి ఒకామె చెన్నైలో ఉద్యోగం చేస్తోందనుకుందాం. అక్కడ ఓ అబ్బాయితో ఆరు వారాల పరిచయం. ఆదివారం అతణ్ని రమ్మని, చిన్ననాటి స్నేహితులు నలుగురితో కలిసి మైపాడు బీచ్‌కి వెళ్లింది. రోజంతా సరదాగా గడిచింది. సాయంత్రానికి వాళ్లలో ఒకరు ఫొటో తీసి వాట్సప్ స్టేటస్‌లో పెట్టారు. మర్నాటి నుంచి ‘పప్పన్నం ఎప్పుడే?’ అని ఒకటే ఆటపట్టించడం. వారం తిరక్కుండానే కబురు పిన్ని చెవిన కూడా పడింది.

ఏడో వారంలో అసలు విషయం బయటపడింది. అతనికి విదేశాల్లో స్థిరపడాలని ఉంది. ఆమెకేమో అమ్మానాన్నలకు దగ్గర్లో ఉండాలని. నేరుగా అడిగి తేల్చుకోవాల్సిన మాటే ఇది. కానీ ‘తేడా వస్తే అందరికీ ఏమని చెప్పను?’ అన్న బెరుకుతో ఆమె అడగలేకపోయింది. అతనూ అంతే. నలుగురూ మెచ్చుకున్నాక ఆ మాట ఎత్తడానికి వెనకాడాడు. ఇద్దరూ రెండు నెలలు ఆ ఊసే ఎత్తకుండా గడిపేశారు.

నలుగురికీ తెలిశాక...

పదిమందికి తెలిసిన నిర్ణయాన్ని మార్చుకోవడం ఎవరికైనా కష్టమే. 1955లో మోర్టన్ డ్యూష్, హెరాల్డ్ గెరార్డ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని గీతల పొడవుతో పరీక్షించారు. తమ అంచనాను కాగితం మీద రాసి సంతకం చేసినవారు, మనసులోనే ఉంచుకున్నవారికన్నా దానికి ఎక్కువగా కట్టుబడ్డారు. అది గీతల గురించి చేసిన ప్రయోగమే. కానీ స్నేహితుల ముందు ‘ఇతనే’ అనడం కూడా అలాంటి సంతకమే. అప్పటిదాకా ‘ఇతను నాకు సరిపోతాడా?’ అని చూసుకున్న మనసు, ఆ తర్వాత ‘నా ఎంపిక తప్పు కాదు’ అని నిరూపించుకునే పనిలో పడుతుంది.

ఎప్పుడు సరైన సమయం?

దీనికి ఇన్ని నెలలని లెక్కేమీ లేదు. మూడు విషయాలు చూసుకోండి. ఎక్కడ ఉండాలి, పెళ్లి గురించి ఏమనుకుంటున్నారు, ఇంటి బాధ్యతలేంటి అన్నవి ఇద్దరూ ఒక్కసారైనా మనసు విప్పి మాట్లాడుకున్నారా? ఏదైనా విషయంలో మాట తేడా వచ్చి, దాన్ని మీరే సర్దుకున్నారా? రేపు ఈ బంధం కుదరకపోతే, ‘కుదరలేదే’ అని స్నేహితురాలికి మామూలుగా చెప్పగలరా? మూడింటికీ అవునని జవాబొస్తే, అవతలి వ్యక్తికీ ఇష్టమైతే పరిచయం చేయొచ్చు.

అప్పుడైనా గుంపులోకి తీసుకెళ్లకండి. నోట్లో మాట దాచుకోగల ఒక్క స్నేహితురాలితో మొదలుపెట్టండి. గంటసేపు టీ తాగుతూ మాట్లాడుకుంటే చాలు. ఇంటికి పిలిచి చేపల పులుసుతో భోజనం పెట్టడం తర్వాత సంగతి. ‘పెళ్లి మాట ఎత్తొద్దు, ఫొటోలు వద్దు’ అని ఆమెకు ముందే చెప్పండి. కలిశాక ‘ఎలా ఉన్నాడు?’ అని మార్కులు అడగకుండా, ‘అతని పక్కన నేను ఎలా ఉన్నాను?’ అని అడగండి. మీరు మాట్లాడబోయి ఆగిపోయారా, హాయిగా నవ్వారా అన్నది మీకన్నా ఆమెకే బాగా కనిపిస్తుంది.

మరీ ఆలస్యం కూడా వద్దు

ప్రేమలో ఉన్నవారికి కనబడనివి పక్కవారికి కనిపిస్తాయి. కెనడాలో విద్యార్థులపై చేసి 1999లో ప్రచురించిన ఓ అధ్యయనంలో, బంధం ఎన్నాళ్లు నిలుస్తుందన్న విషయంలో ప్రేమికులకన్నా వారి రూమ్మేట్ల అంచనాలే నిజానికి దగ్గరగా వచ్చాయి. కాబట్టి స్నేహితుల చూపు మీకు అవసరమే. కాకపోతే మీ చూపు కాస్త కుదుటపడ్డాక తీసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. ‘మన సంగతి ఎవరికీ చెప్పకు’ అని పట్టుబట్టినా, డబ్బు అడిగినా, బెదిరించినా పరిచయాల దాకా చూడకుండా నమ్మకమైన మనిషికి వెంటనే చెప్పేయండి.

ఇక ఆ నెల్లూరు అమ్మాయి సంగతి. మైపాడు ప్రయాణం రెండు నెలలు ఆగి ఉంటే, విదేశాల మాట ఏడో వారంలోనే అడిగేది. జవాబు ఏదైనా, అది వాళ్లిద్దరి మధ్యే తేలేది.