ఒక్క ఉద్యోగానికి నలుగురి పనా?

బెంగళూరు, చెన్నై కంపెనీల ప్రకటనలు చూసి మన పిల్లలు కొందరు "ఇవన్నీ నాకు రావు" అని దరఖాస్తే పెట్టడం లేదు. అలాంటి ప్రకటనను ఎలా చదవాలో చూద్దాం.

రెండేళ్ల అనుభవమున్న వెబ్ డెవలపర్ కావాలంటారనుకుందాం. కింద జావా, రియాక్ట్, క్లౌడ్ సర్వర్లు, ఫొటోషాప్, పైగా ఫ్లట్టర్‌లో పదిహేనేళ్ల అనుభవం అని ఉంటుంది. ఫ్లట్టర్ తొలి స్థిర వెర్షన్ వచ్చిందే 2018 డిసెంబరులో. అంటే ఆ జాబితా రాసినవారికి ఆ పని తెలియదన్నమాట.

కాబట్టి జాబితా పక్కనపెట్టి, రోజూ చేయాల్సిన పనులు రాసిన భాగం చదవాలి. అక్కడ రియాక్ట్‌తో పేజీలు చేయడం, వాటిని జావా సర్వర్‌కు కలపడం మాత్రమే ఉంటే అసలు ఉద్యోగం అదే. ఆ రెండూ వస్తే ధైర్యంగా దరఖాస్తు పెట్టవచ్చు. రానివాటిని మాత్రం బయోడేటాలో చేర్చకూడదు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడతాయి.

ఆ భాగంలోనూ డిజైన్, మొబైల్ యాప్, సర్వర్ల నిర్వహణ అన్నీ ఉంటే ఇంటర్వ్యూలో మనమే అడగాలి: "మొదటి మూడు నెలలు నా పని ఏమిటండీ? టీమ్‌లో ఎంతమంది ఉన్నారు?" అన్నీ మీరొక్కరే చూసుకోవాలని చెప్పి, జీతం మాత్రం ఒక్క డెవలపర్‌ది ఇస్తామంటే, ఆ ఉద్యోగం వదులుకోవడమే మేలు.