గడ్డం మీద పుండు, పంటిలో కారణం: ఒక దంత కేస్ రిపోర్ట్ ఎలా తయారవుతుంది?

ఒకే ఒక్క రోగికి వచ్చిన సమస్యను, దాన్ని గుర్తించిన తీరును, చేసిన చికిత్సను, చివరికి ఏమైందన్నదాన్ని వివరిస్తూ వైద్యులు పత్రికలకు రాసే చిన్న వ్యాసాన్ని కేస్ రిపోర్ట్ అంటారు. వందలమంది రోగులను పోల్చి చూసే పరిశోధనల ముందు ఇది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అయినా కొన్నిసార్లు కొత్త ప్రమాదాన్ని మొదట పసిగట్టేది ఇలాంటి రాతలే. 2003లో అమెరికాలోని మయామీకి చెందిన దవడ శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ ఒక వైద్య పత్రికకు లేఖ రాశారు. ఎముకలకు పాకిన క్యాన్సర్ వంటి జబ్బులకు వాడే పామిడ్రోనేట్, జోలెడ్రోనేట్ మందులు తీసుకున్న 36 మందిలో దవడ ఎముక చిగురు బయటికి తేలి, మానకుండా ఉండిపోయిందని అందులో తెలిపారు. ఈ మందులు వాడేవారికి పన్ను తీసే ముందు దంత వైద్యులు నేడు జాగ్రత్త పడుతున్నారంటే, దాని వెనక అలాంటి తొలి నివేదికలు ఉన్నాయి.

అయితే ప్రతి కేసూ కొత్త జబ్బును బయటపెట్టదు. దంత వైద్యులు పంపే రిపోర్టుల్లో చాలావరకు ఇదివరకే తెలిసిన సమస్యల గురించే ఉంటాయి. వాటిలో ఏది అచ్చు వేయదగింది, ఏది కాదు అన్నది తేల్చేది అరుదుదనం ఒక్కటే కాదు. ఒక ఉదాహరణను పట్టుకుని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కింద చెప్పే రోగి ఊహించిన వ్యక్తే. కానీ ఈ సమస్య మాత్రం వైద్య సాహిత్యంలో చాలాసార్లు నమోదైంది.

పద్నాలుగు నెలలు మానని పుండు

ఇరవై ఆరేళ్ల యువతికి గడ్డం మధ్యలో చిన్న పుండు లేచింది. అప్పుడప్పుడు చీము కారుతుంది, ఎండుతుంది, మళ్లీ తెరుచుకుంటుంది. 14 నెలల్లో మూడుసార్లు యాంటీబయాటిక్ మందులు వాడింది. ఒకసారి పుండును కోసి తీసేశారు కూడా. కొన్ని వారాలకే అదే చోట మళ్లీ వచ్చింది. ఆమెకు పంటి నొప్పి ఒక్కరోజు కూడా లేదు, కాబట్టి నోరు చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

చివరికి దంత వైద్యుడు అడిగితే, ఎనిమిదేళ్ల కిందట సైకిల్ మీంచి పడి ముందు పళ్లకు దెబ్బ తగిలిందని చెప్పింది. కింది ముందు పళ్లలో ఒకటి కాస్త రంగు మారి ఉంది. చల్లదనం తగిలించినా, స్వల్ప విద్యుత్ ప్రవాహంతో పరీక్షించినా పక్క పళ్లు స్పందించాయి గానీ ఆ పన్ను స్పందించలేదు. అంటే దాని లోపలి నరం చచ్చిపోయిందన్నమాట. వైద్యుడు గట్టాపెర్చా అనే మెత్తని సన్నని పుల్లను పుండు రంధ్రంలోంచి మెల్లగా లోపలికి పంపి ఎక్స్‌రే తీశాడు. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే ఆ పుల్ల కొస సరిగ్గా ఆ పంటి వేరు మొన దగ్గర ఆగింది.

జరిగింది ఇదీ: చచ్చిన నరంలో చేరిన సూక్ష్మజీవుల వల్ల వేరు కింద చీము పట్టింది. వేరు మొన గడ్డపు కండరం అతుక్కున్న చోటికి దిగువన ఉంటే చీము నోట్లోకి రాకుండా చర్మం వైపు దారి చేసుకుంటుంది. అలా బయటికి పోతూ ఉంటుంది కనుక లోపల ఒత్తిడి పెరగదు, నొప్పీ తెలియదు. రూట్ కెనాల్ చికిత్సతో పంటి లోపలి భాగాన్ని శుభ్రం చేసి మూసేశాక రెండు వారాల్లో పుండు మూసుకుపోయింది. చర్మానికి వేరే చికిత్స అవసరం కాలేదు. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఎముక తిరిగి పెరిగింది. గడ్డం మీద చిన్న గుంట మచ్చ మాత్రం మిగిలింది.

ఇది ఎవరు చదవాలి?

ఈ కేసును దంత వైద్యుల పత్రికకు పంపితే సంపాదకుడు తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే ఇది వాళ్లకు పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే. కానీ ఇలాంటి రోగి మొదట వెళ్లేది దంత వైద్యుడి దగ్గరికి కాదు, చర్మ వైద్యుడి దగ్గరికో, ఊళ్లోని సాధారణ వైద్యుడి దగ్గరికో. అదే రిపోర్టు వాళ్లు చదివే పత్రికలో వస్తే, తర్వాతి రోగిని కోతకు పంపే ముందు ఒక పంటి ఎక్స్‌రే తీయించాలని తోస్తుంది. కేసు మారలేదు, చదివేవారు మారారు. దాంతోపాటే దాని విలువా మారింది.

అందుకే రాయడం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నకు ఒకే వాక్యంలో జవాబు రావాలి: ఇది చదివిన వైద్యుడు రేపు ఏ పని వేరుగా చేస్తాడు? ఇక్కడ జవాబు స్పష్టం. ముఖం మీద, గడ్డం కింద మళ్లీ మళ్లీ చీము పట్టే పుండు కనిపిస్తే, పంటి నొప్పి లేకపోయినా పళ్లను పరీక్షించాలి. ఇలాంటి వాక్యం దొరకని కేసు, ఎంత చక్కగా నయమైనా, చికిత్స బాగా చేశామని చెప్పుకోవడంగానే మిగులుతుంది.

రాత కూర్పు

కేస్ రిపోర్టుల్లో ఏయే వివరాలు ఉండాలో చెబుతూ 2013లో కేర్ అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువడ్డాయి. పంటి నరానికి, రూట్ కెనాల్ చికిత్సకు సంబంధించిన కేసుల కోసం 2020లో ప్రైస్ పేరుతో విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. రెండింటి సారం ఒకటే. రోగి కథను జరిగిన వరుసలో, దాచకుండా చెప్పాలి.

శీర్షికలో సమస్యతో పాటు అది కేస్ రిపోర్ట్ అని కూడా ఉండాలి. పరిచయం నాలుగైదు వాక్యాలు చాలు. పళ్ల చరిత్రతో మొదలుపెట్టి రెండు పేజీలు నింపడం కొత్తగా రాసేవారిలో తరచూ కనిపించే లోపం. ఆ తర్వాత రోగి చెప్పిన బాధ, పాత దెబ్బ, అంతకుముందు జరిగిన చికిత్సలు వస్తాయి. వాటిని తేదీల వరుసలో చిన్న పట్టికగా ఇస్తే పద్నాలుగు నెలలు ఎక్కడ పోయాయో పాఠకుడికి ఒక్క చూపులో తెలుస్తుంది. రోగి పాత మందుల చీటీలు తేకపోతే, ఆ వివరాలు ఆమె జ్ఞాపకం మీద ఆధారపడినవని చెప్పాలి.

రోగ నిర్ధారణ భాగమే ఈ రిపోర్టుకు గుండెకాయ. పంటి వల్లనే అని తేల్చడం ఒక్కటే సరిపోదు. ఇంకేమేమి అనుకున్నారు, వాటిని ఎందుకు పక్కన పెట్టారు అన్నది కూడా రాయాలి. గడ్డం మీద ఇలాంటి పుండుకు చర్మపు గడ్డ, లోపలికి పెరిగిన వెంట్రుక, చర్మ క్షయ, అరుదుగా చర్మ క్యాన్సర్ కూడా కారణం కావచ్చు. ఈ వివరణ లేకపోతే రిపోర్ట్ చదివిన వైద్యుడు రేపు నిజమైన చర్మ క్షయను పంటి జబ్బుగా పొరబడే ప్రమాదం ఉంది.

ఫలితం దగ్గర తొందర పనికిరాదు. రెండు వారాలకు చర్మం మూసుకుందంటే చీము దారి ఆగిందని మాత్రమే అర్థం. ఎముక మానిందో లేదో తెలియాలంటే నెలలు పడుతుంది. అందుకే రెండు వారాల ఫోటోతో సరిపెట్టి ‘పూర్తిగా నయమైంది’ అని రాసిన వ్యాసాన్ని సమీక్షకులు నిలదీస్తారు. ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు ఒకే కోణంలో ఉండాలి. కోణం మారితే మానని ఎముక కూడా మానినట్టు కనిపించవచ్చు.

ముఖమే సాక్ష్యం, ముఖమే గుర్తు

ఈ కేసులో చిక్కు ఇక్కడే ఉంది. గడ్డం మీది పుండు ఫోటో లేకుండా చర్మ వైద్యుడికి విషయం బోధపడదు. కానీ ఆ ఫోటోతో ఆమెను తెలిసినవాళ్లు గుర్తుపట్టగలరు. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే చాలనుకునే అలవాటు చాలాకాలం ఉండేది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ సిఫారసుల ప్రకారం అది సరిపోదు. పెదవుల కింది భాగం వరకే ఫోటో కత్తిరించడం మేలు. అలా చేసినా అనుమతి అక్కర్లేదని అనుకోకూడదు. ముఖం అసలే కనిపించకపోయినా చాలా పత్రికలు రోగి రాతపూర్వక సమ్మతిని అడుగుతాయి.

చికిత్సకు ఇచ్చిన సమ్మతి ప్రచురణకు చెల్లదు. రూట్ కెనాల్‌కు సంతకం పెట్టిన కాగితంలో ‘ఫోటోలు వాడుకోవచ్చు’ అని చివర్లో ఒక వాక్యం ఉంటే అది సమ్మతి అనిపించుకోదు. ప్రచురణకు వేరే పత్రం కావాలి, చాలా పత్రికలకు సొంత నమూనాలు ఉంటాయి. ఆ పత్రం ఇంగ్లిషులోనే ఉంటే రోగికి వచ్చిన భాషలో చదివి వివరించాలి. వ్యాసం ఇంటర్నెట్‌లో ఎవరికైనా కనిపించవచ్చని, పేరు రాయకపోయినా ఎవరూ గుర్తుపట్టరని హామీ ఇవ్వలేమని, అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం సాధ్యం కాదని, అంతకుముందు ఎప్పుడైనా వద్దనవచ్చని, వద్దన్నా చికిత్సలో తేడా రాదని చెప్పాలి. వాడబోయే ఫోటోలు ఆమెకు చూపించాలి. రోగికి 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల సంతకం కావాలి, విషయం అర్థం చేసుకోగల పిల్లల ఇష్టం కూడా తెలుసుకోవాలి.

సమ్మతి దొరికాక కూడా అక్కర్లేని వివరాలు తీసేయాలి. ఊరు, ఆసుపత్రిలో చేరిన నంబరు, ఎక్స్‌రే మూలలో అచ్చయిన పేరు వంటివన్నీ తొలగించాలి. డిజిటల్ ఎక్స్‌రే ఫైలు లోపల కంటికి కనిపించకుండా కూడా రోగి పేరు ఉండవచ్చు. అయితే తీసేయడం వేరు, మార్చడం వేరు. 26 ఏళ్లు అని చెప్పడం ఇష్టం లేకపోతే ‘ఇరవైల్లో ఉన్న యువతి’ అనవచ్చు గానీ 40 ఏళ్లని రాస్తే అది తప్పుడు సమాచారం అవుతుంది. ఆమె ఎంతకీ ఒప్పుకోకపోతే రాత అక్కడితో ఆపాల్సిందే.

ఒక్క రోగి ఎంత చెప్పగలరు?

ఇలాంటి పుండ్లలో ఎన్ని పంటివల్ల వస్తాయో ఈ రిపోర్ట్ చెప్పలేదు. ఈ చికిత్స మరోదానికంటే మంచిదనీ చెప్పలేదు, ఎందుకంటే పోల్చడానికి రెండో మనిషి లేరు. పైగా విఫలమైన చికిత్సల గురించి రాసేవారు తక్కువ కాబట్టి అచ్చయిన కేసులన్నీ కలిపి చూసినా విజయాలే ఎక్కువ కనిపిస్తాయి. చర్చ భాగంలో రచయిత ఈ హద్దును ఒప్పుకుని, తన కేసు నిలబెట్టగలిగినంత మాటే అనాలి. ఇక్కడ ఆ మాట చిన్నదే: మానని గడ్డపు పుండును కోసే ముందు పళ్లు చూడండి. చివర్లో పద్నాలుగు నెలలు ముఖం దాచుకుని తిరిగిన రోగి మాటలకు కూడా చోటివ్వాలని కేర్ మార్గదర్శకాలు సూచిస్తాయి. ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో ఎక్స్‌రేలో కనిపించదు, అది ఆమె మాత్రమే చెప్పగలదు.